గొంతు వెంట నడిచే కెమెరా

వీడియో గేమ్ మధ్యలో ఒక్కోసారి ఆట ఆగి, కథ కాసేపు సినిమాలా నడుస్తుంది. ఆటగాడి చేతికి పని ఉండదు. పాత్రలు మాట్లాడుకుంటాయి, కెమెరా ఒకరి ముఖం మీంచి మరొకరి ముఖం మీదికి వెళ్తుంది, ఏదో ఒక సంగతి బయటపడుతుంది, మళ్లీ ఆట మొదలవుతుంది. దీన్ని కట్‌సీన్ అంటారు. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్‌లోనే, స్థాయికీ స్థాయికీ మధ్య ఇలాంటి చిన్న బొమ్మల ఘట్టాలు ఉండేవి.

కట్‌సీన్‌ను రెండు రకాలుగా చూపించవచ్చు. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7లో పేరుమోసిన ఘట్టాలు చాలావరకు ముందే తయారుచేసి డిస్క్‌లో దాచిన వీడియోలు. మరుసటి ఏడాది వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ మాత్రం ఆటను నడిపే ఇంజిన్‌తోనే కథా ఘట్టాలను అప్పటికప్పుడు గీయించింది. మొదటి పద్ధతిలో బొమ్మా మాటా ఒకే ఫైలులో అతుక్కుని ఉంటాయి కాబట్టి పెదవి కదలిక ఒకసారి కుదిరితే ఎక్కడ చూసినా కుదిరినట్టే. రెండో పద్ధతిలో ఆ అతుకు లేదు. ప్రతి ఆటగాడి యంత్రంలోనూ దృశ్యం కొత్తగా పుడుతుంది. బొమ్మను గ్రాఫిక్స్ విభాగం గీస్తుంది, గొంతును ఆడియో విభాగం వినిపిస్తుంది. ఈ రెండూ ఒకే క్షణంలో ఒకే చోట ఉండేలా చూడటం దృశ్యం కూర్చేవాళ్ల పని.

అంత కష్టం ఉన్నా నేటి కథా ప్రధానమైన ఆటలు ఎక్కువగా ఈ రెండో దారినే ఎంచుకుంటున్నాయి. ఆటగాడు తన పాత్రకు వేసిన చొక్కా, చేతికిచ్చిన కత్తి, అప్పటికి ఆటలో ఉన్న పొద్దు, వాన అన్నీ కట్‌సీన్‌లోనూ అలాగే కనిపిస్తాయి. ముందే తీసి పెట్టిన వీడియోతో అది కుదరదు.

ఈ పనికి వాడే పరికరమే టైమ్‌లైన్. అన్‌రియల్ ఇంజిన్‌లో దాని పేరు సీక్వెన్సర్. యూనిటీ ఇంజిన్‌లో టైమ్‌లైన్ అన్న పేరుతోనే 2017లో వచ్చింది, కెమెరాలను నడిపే సినిమెషీన్ కూడా దానితో పాటే అందుబాటులోకి వచ్చింది. ఇక్కడ చెప్పేదంతా యూనిటీ గురించే. అయితే ఇతర ఇంజిన్లలోనూ పని తీరు దాదాపు ఇంతే.

తెర మీద చూస్తే టైమ్‌లైన్ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లాగే ఉంటుంది. పైన సెకన్ల కొలబద్ద, ఎడమవైపు ట్రాకుల పేర్లు, కుడివైపు ఆ ట్రాకుల మీద పరిచిన క్లిప్పులు కనిపిస్తాయి. నిలువుగా ఒక గీత ఎడమ నుంచి కుడికి కదులుతుంది. దాన్ని ప్లేహెడ్ అంటారు. తేడా ఏమిటంటే, వీడియో ఎడిటర్‌లో క్లిప్ అంటే తీసేసిన బొమ్మ. ఇక్కడ క్లిప్ అంటే ఒక ఆజ్ఞ. ప్లేహెడ్ ఆ చోటికి వచ్చినప్పుడు ఫలానా పాత్ర ఫలానా కదలిక చేయాలి, ఫలానా కెమెరా చూపించాలి, ఫలానా ఫైలు వినిపించాలి అని అది చెబుతుంది. కదలికకు యానిమేషన్ ట్రాక్, మాటకు ఆడియో ట్రాక్, కెమెరాలకు సినిమెషీన్ ట్రాక్, వస్తువులు కనపడటానికీ మాయమవడానికీ యాక్టివేషన్ ట్రాక్ ఉంటాయి. ఆటలోని ఇతర భాగాలకు కబురు పంపే సిగ్నల్ ట్రాక్ 2019లో చేరింది.

ఒక చిన్న దృశ్యాన్ని కూర్చుతూ చూస్తే ఇవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. రాత్రి వేళ ఒక రేవు. మెట్ల మీద మల్లిక లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె అన్న వరదలో పోయాడని ఊరంతా అనుకుంటోంది. పడవ నడిపే తాత ఆమెతో, “నీకో మాట చెప్పాలి” అంటాడు. కాస్త ఆగి, “మీ అన్న చనిపోలేదమ్మా” అంటాడు. మల్లిక చేతిలోంచి లాంతరు జారిపోతుంది. కొంతసేపటికి ఆమె నోరు పెగుల్చుకుని, “ఎక్కడున్నాడు తాతా?” అని అడుగుతుంది. అంతా కలిపి పది సెకన్లు కూడా లేని ఘట్టం.

కొత్తగా ఈ పనికి వచ్చినవాళ్లు చాలామంది ముందు కెమెరాలు పెట్టుకుంటారు. కంటికి కనిపించేది అదే కాబట్టి చేయి అటే పోతుంది. కానీ అనుభవం ఉన్నవాళ్లు ముందు గొంతునే పరుస్తారు. కదలికను కొంత సాగదీయవచ్చు, కెమెరాను ఎక్కడైనా పెట్టవచ్చు, ఎప్పుడైనా కోయవచ్చు. నటుడు పలికిన మాటను మాత్రం సాగదీస్తే వెంటనే తెలిసిపోతుంది. అందుకే మార్చడానికి వీల్లేని దాన్ని ముందు వేసుకుని, మిగతావన్నీ దాని మీద వేలాడదీస్తారు. అసలు నటుడి రికార్డింగ్ ఇంకా రాకపోతే బృందంలో ఎవరో ఒకరి చేత ఆ మాటలు చదివించి, ఆ తాత్కాలిక గొంతుతోనే పని మొదలుపెడతారు.

మన దృశ్యంలో తాత మొదటి మాట 1.0 సెకను దగ్గర మొదలై 2.4 దగ్గర ముగుస్తుంది. 0.8 సెకను మౌనం. రెండో మాట 3.2 నుంచి 5.0 వరకు. “ఎక్కడున్నాడు తాతా?” 6.6 దగ్గర మొదలవుతుంది. కానీ రెండో మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలిస్తే చాలదు. “మీ అన్న చనిపో” అనేంతవరకు అది మల్లికకు తెలిసిన చావు కబురే. “లే” అన్న అక్షరంతో అర్థం తిరగబడుతుంది. ఆ అక్షరం రికార్డింగ్‌లో 1.1 సెకన్ల దగ్గర పడిందనుకుంటే, టైమ్‌లైన్ మీద అది 4.3. ఈ దృశ్యానికి అసలైన గుర్తు ఆ 4.3. ఆడియో క్లిప్ మీద కనిపించే తరంగాల బొమ్మను పెద్దది చేసి చూస్తూ, వింటూ, ఆ చోట ఒక మార్కర్ పెడతారు.

ఇప్పుడు శరీరం. మల్లిక కళ్లలో మార్పు 4.3 కంటే ముందు మొదలైతే, తాత చెప్పబోయేది ఆమెకు ముందే తెలిసినట్టు ఉంటుంది. సరిగ్గా 4.3 దగ్గర మొదలైనా మరబొమ్మలా ఉంటుంది, ఎందుకంటే చెవిన పడ్డ మాట బుర్రకెక్కడానికి మనిషికి కొంత సమయం పడుతుంది. అందుకే పావు సెకను వదిలి 4.55 దగ్గర కనురెప్పలు కదులుతాయి. తాత చేతి సైగ సంగతి దీనికి తిరగేసినట్టు ఉంటుంది. మనుషులు మాట్లాడుతూ చేయి ఊపేటప్పుడు, ఆ చేయి లేవడం మాటకన్నా కొంచెం ముందే మొదలవుతుంది. కాబట్టి సైగ క్లిప్ మొదలును మాట మొదలుతో కలపకూడదు. చేయి విసురు పూర్తయ్యే ఫ్రేము ఎక్కడుందో చూసుకుని, ఒత్తి పలికిన అక్షరానికి దాన్ని కలిపి, క్లిప్ మొదలు ఎక్కడ పడితే అక్కడ పడనివ్వాలి.

ఈ ట్రాకులోనే అందరూ ఒకసారి ఎదుర్కొనే చిక్కు ఇంకొకటుంది. మల్లిక రెండు మెట్లు దిగి నిలబడాలి. దిగడం ఒక క్లిప్, నిలబడటం ఇంకో క్లిప్. ప్రతి క్లిప్పూ తన సొంత సున్నా బిందువు నుంచి మొదలవుతుంది కనుక, రెంటినీ ఊరికే పక్కపక్కన పెడితే మల్లిక రెండు మెట్లు దిగి, మరుక్షణం మొదటి మెట్టు మీద ప్రత్యక్షమవుతుంది. క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి `Match Offsets To Previous Clip` అన్న ఆజ్ఞ ఇస్తే, రెండో క్లిప్ మొదటిది ఆగిన చోటు నుంచే అందుకుంటుంది. తర్వాత రెంటినీ కొద్దిగా ఒకదాని మీదికి ఒకటి జరిపితే, ఆ మేర ఒక కదలిక మరోదాంట్లోకి కలిసిపోతుంది. ఎంత జరపాలో పాదాలు చూసి తెలుసుకోవాలి. ఎక్కువైతే నేల మీద పాదం జారుతున్నట్టు కనిపిస్తుంది.

లాంతరు పడటం చూడటానికి సులువే, కానీ సమకాలం తప్పితే ముందు దొరికిపోయేది అదే. నడుము ఎత్తు నుంచి, అంటే సుమారు 0.9 మీటర్ల నుంచి జారిన వస్తువు నేలను తాకడానికి 0.43 సెకను పడుతుంది. చేయి 5.1 దగ్గర వదిలితే లాంతరు మెట్టును తాకేది 5.53 దగ్గర. ఖణేల్‌మనే శబ్దం సరిగ్గా అక్కడ మోగాలి, వెలుగు అక్కడే ఆరిపోవాలి. అన్నీ సరిగ్గా పెట్టినా చప్పుడు ఆలస్యంగా వినిపిస్తుంటే, ముందు ఆ శబ్దం ఫైలును తెరిచి చూడాలి. మొదట్లో పదో వంతు సెకను ఖాళీ మౌనం ఉండిపోవడం మామూలు. క్లిప్ 5.53 దగ్గరే మొదలవుతుంది, కానీ చప్పుడు 5.63 దగ్గర వస్తుంది.

కెమెరా వంతు చివర్లో వస్తుంది. సినిమెషీన్‌లో నిజంగా బొమ్మ తీసే కెమెరా ఒక్కటే. మిగతావన్నీ అది ఎక్కడ నిలబడాలో, ఎటు చూడాలో చెప్పే ఊహా కెమెరాలు. ట్రాక్ మీద రెండు కెమెరాల క్లిప్పులు అంచుకు అంచు ఆనితే కట్, ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే ఆ మేర మెల్లగా మారడం. తాత ముఖం మీదున్న కెమెరా మల్లిక మీదికి ఎప్పుడు రావాలి? మాట పూర్తయ్యాక, 5.0 దగ్గర కోస్తే, ఆమె ముఖం మారడం మనం చూడనే లేదు. 4.3 దగ్గర కోస్తే, కొత్త బొమ్మలో ముఖం ఎక్కడుందో కన్ను వెతుక్కునే లోపే అక్షరం దాటిపోతుంది. 4.0 దగ్గర కోస్తే ఇంకా ఏమీ తెలియని మల్లిక ముఖం ముందు కనిపిస్తుంది, దాని మీద “లేదమ్మా” వినిపిస్తుంది, ఆ తర్వాత కళ్లు మారతాయి. మాట ఒకరిది, బొమ్మ మరొకరిది. సినిమా ఎడిటింగ్ బల్ల మీద ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే ఇది.

అదే చోట కట్ బదులు మెల్లగా మారే బ్లెండ్ పెడితే ఒక వింత ప్రమాదం ఉంది. రెండు కెమెరాల మధ్య దారిని సినిమెషీన్ మామూలుగా తిన్నటి గీతగా తీసుకుంటుంది. తాతకు అటొక కెమెరా, ఇటొక కెమెరా ఉంటే, దారి మధ్యలో కెమెరా ఆయన తలలోంచి దూసుకుపోతుంది. తెర మీద కంటి గుడ్ల వెనకవైపు, పళ్ల లోపలివైపు ఒక్క క్షణం మెరుస్తాయి. వేగంగా నడిపి చూస్తే ఇది దొరకదు. బ్లెండ్ ఉన్న ప్రతి చోటా ప్లేహెడ్‌ను చేత్తో పట్టుకుని మెల్లగా లాగి చూడాలి.

ఇంతవరకు వచ్చాక ఎడిటర్‌లో దృశ్యం ముచ్చటగా నడుస్తుంది. అసలు పరీక్ష ఆటగాడి యంత్రం మీద.

పెదవీ మాటా ఎంత తప్పితే మనిషికి తెలుస్తుందన్నది ప్రసార రంగం చాలాకాలం కిందటే కొలిచింది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు ప్రకారం, శబ్దం బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందుకు వస్తే చూసేవాళ్లు గుర్తుపడతారు. వెనకబడితే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా గుర్తుపట్టరు. ఈ తేడాకు కారణం మన అలవాటే. లోకంలో కాంతి ముందు చేరుతుంది, శబ్దం తర్వాత వస్తుంది. 34 మీటర్ల దూరంలో గోడకు మేకు కొడుతుంటే, సుత్తి తగిలిన పదో వంతు సెకను తర్వాతే మనకు చప్పుడు వినిపిస్తుంది. బొమ్మకన్నా ముందు వచ్చే శబ్దం మాత్రం ప్రకృతిలో ఎక్కడా లేదు.

ఇప్పుడు యంత్రం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. టైమ్‌లైన్‌ను నడిపే భాగానికి డైరెక్టర్ అని పేరు. అది ఏ గడియారాన్ని అనుసరించాలో మనం ఎంచుకోవచ్చు. మామూలుగా ఉండేది `Game Time`, అంటే ఆట గడియారం. ఇది ఫ్రేము ఫ్రేముకూ ఎంత సమయం గడిచిందో కలుపుకుంటూ పోతుంది. అయితే యూనిటీలో ఒక కట్టుబాటు ఉంది. ఒక ఫ్రేము గీయడానికి ఎంత ఆలస్యమైనా, ఆట గడియారం ఒకేసారి మూడో వంతు సెకనుకు మించి ముందుకు కదలదు. మధ్యలో యంత్రం ఒక్కసారి తడబడితే ఆటలోని వస్తువులు గోడలు దాటి ఎగిరిపోకుండా పెట్టిన రక్షణ అది.

మల్లిక ముఖానికి కట్ అయిన 4.0 దగ్గర, ఇంతవరకు చూపించని బొమ్మలు ఒక్కసారిగా లోడ్ కావాల్సి వచ్చి యంత్రం 0.8 సెకను స్తంభించిందనుకుందాం. కట్‌ల దగ్గరే ఇలా జరగడం ఎక్కువ, ఎందుకంటే కొత్త సరుకు తెర మీదికి వచ్చేది అక్కడే. ఆడియో విభాగం వేరే దారిలో నడుస్తుంది కనుక, తాత గొంతు ఆ 0.8 సెకనూ ఆగకుండా సాగిపోతుంది. ఆట గడియారం 0.33 మాత్రమే కదులుతుంది. తిరిగి కోలుకునేసరికి మాట బొమ్మకన్నా దాదాపు అర సెకను ముందుంది. 45 మిల్లీసెకన్లకే పసిగట్టే మనిషికి ఇది దాదాపు 470 మిల్లీసెకన్ల తేడా.

దీనికి మందు, డైరెక్టర్ గడియారాన్ని `DSP Clock`కు మార్చడం. అప్పుడు కాలాన్ని కొలిచేది ఆడియో విభాగమే. భజనలో తాళం వేసేవాణ్ని పట్టుకుని మిగతావాళ్లంతా పాడినట్టు, కదలికా కెమెరా గొంతును పట్టుకుని నడుస్తాయి. యంత్రం తడబడితే కొన్ని బొమ్మలు ఎగిరిపోతాయి, కానీ తర్వాతి బొమ్మ మాట ఉన్న చోటికే వచ్చి నిలుస్తుంది. నాలుగు బొమ్మలు ఎగిరినా కన్ను సర్దుకుంటుంది, మాట మధ్యలో తెగితే చెవి సర్దుకోలేదు. అయితే ఈ మార్పుకూ ఖర్చు ఉంది. ఆటను పాజ్ చేయడానికీ, స్లో మోషన్‌లో చూపించడానికీ తగ్గించేది ఆట గడియారాన్నే. ఆడియో గడియారానికి ఆ సంగతి పట్టదు. అందుకని పాజ్ మెనూ తెరిచినప్పుడు డైరెక్టర్‌నూ గొంతునూ విడిగా ఆపాలి. స్లో మోషన్ ఉన్న ఘట్టాలకైతే ఈ గడియారం పనికిరాదు. గడియారం ఏదైనా, కట్‌సీన్ మొదలయ్యే ముందే దానికి కావలసిన బొమ్మలన్నీ లోడ్ చేసి ఉంచుకుంటే తడబాటు చాలావరకు తప్పుతుంది.

తప్పు ఎక్కడుందో పోల్చుకోవడానికి దృశ్యాన్ని మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా నడిపి మూడు చోట్ల పెదవులు చూస్తే చాలు. మొదట్లో ఉన్న తేడాయే చివర్లోనూ ఉంటే క్లిప్ పెట్టడంలో పొరపాటు, లేదా ఫైలు మొదట్లో ఖాళీ మౌనం. మొదట కుదిరి, ఒక కట్ తర్వాత హఠాత్తుగా తప్పితే అక్కడ యంత్రం తడబడింది. కొంచెం కొంచెంగా పెరుగుతూ పోతే మాటా కదలికా రెండు వేర్వేరు వేగాల మీద తయారై ఉంటాయి. ఉదాహరణకు సెకనుకు 24 ఫ్రేములతో తీసిన కదలికను 25 ఫ్రేములదిగా దిగుమతి చేసుకున్నప్పుడు ఇలా జరుగుతుంది. నిమిషం గడిచేసరికి కదలిక రెండున్నర సెకన్ల దాకా ముందుకు పరుగెడుతుంది.

ఆటగాడు ఎప్పుడైనా ఈ ఘట్టాన్ని దాటవేయవచ్చు. రెండోసారి ఆడేవాడు తాత నోరు తెరవగానే స్కిప్ బటన్ నొక్కుతాడు. అప్పుడు ప్లేహెడ్‌ను చివరికి దూకిస్తే సరిపోతుందనిపిస్తుంది, కానీ దారి మధ్యలో ఉన్న సిగ్నల్స్ అలా దూకినప్పుడు మామూలుగా పనిచేయవు. “అన్న బతికే ఉన్నాడు” అన్న సంగతిని కథ చిట్టాలో రాయాల్సిన సిగ్నల్ 5.0 దగ్గర ఉండిపోతుంది. ఆట ముందుకు సాగుతుంది గానీ, మల్లికకు కబురు అందలేదనే ఆట నమ్ముతుంది. తర్వాత తెరుచుకోవాల్సిన తలుపు తెరుచుకోదు. మార్కర్ మీద `Retroactive` అన్న గుర్తు పెట్టి, దాటిపోయిన సిగ్నల్‌ను కూడా పంపించవచ్చు. చాలా బృందాలు అంతకన్నా గట్టి దారి ఎంచుకుంటాయి. దృశ్యం ముగిశాక ఎవరు ఎక్కడ నిలబడాలి, చిట్టాలో ఏమేం రాయాలి అన్నదంతా ఒకే చోట విడిగా రాసిపెట్టి, పూర్తిగా చూసినా దాటవేసినా చివరికి దాన్నే నడిపిస్తాయి.

ఇక భాష. ఇదే దృశ్యం ఇంగ్లీషులో రికార్డు చేస్తే ఆ వాక్యం తెలుగుకన్నా పొట్టిగా ఉండవచ్చు, అదొక్కటే అయితే సర్దుకోవచ్చు. కానీ ఇంగ్లీషులో ‘కాదు’ అన్న అర్థం వాక్యం మధ్యలోనే వచ్చేస్తుంది, తెలుగులోలాగా చివరి దాకా ఆగదు. 1.1 సెకన్ల దగ్గర ఉన్న మలుపు అర సెకను దగ్గరికి జరిగితే, టైమ్‌లైన్ మీద అది 3.7. కట్ ఇంకా 4.0 దగ్గరే ఉంటే మల్లిక ముఖం కనిపించే లోపే సంగతి చెప్పేసినట్టవుతుంది. అందుకే సెకన్ల లెక్కను నేరుగా కట్‌కు ముడివేయకుండా, ప్రతి గొంతు ఫైలుకూ దాని సొంత మలుపు గుర్తును ఇచ్చి, కట్‌నూ కంటి మార్పునూ లాంతరునూ ఆ గుర్తు నుంచి ఎంత దూరమో లెక్కగట్టుకుంటారు. కట్ గుర్తుకు 0.3 ముందు, కళ్లు పావు సెకను వెనక, చేయి వదలడం 0.8 వెనక.

మాటలు వేల సంఖ్యలో ఉన్న ఆటల్లో ఇంత పని చేత్తో చేయడం సాధ్యం కాదు. ద విచర్ 3 బృందం 2016లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో తమ పద్ధతి వివరించింది. సంభాషణ రాతప్రతిని బట్టి కెమెరాలతో, సైగలతో కూడిన మొదటి టైమ్‌లైన్‌ను సాఫ్ట్‌వేరే పరుస్తుంది. ఆ తర్వాత డిజైనర్లు ముఖ్యమైన ఘట్టాలను ఒక్కొక్కటే తెరిచి దిద్దుతారు. అదే సంస్థ సైబర్‌పంక్ 2077లో పెదవుల కదలికను వేర్వేరు భాషల గొంతుల నుంచి పుట్టించడానికి జాలీ అనే సాఫ్ట్‌వేర్ వాడింది. అక్షరానికి తగ్గ పెదవి అలా తయారవుతుంది గానీ, వాక్యంలో మలుపు ఏ అక్షరం మీద ఉందో, కట్ దానికి ఎంత ముందు పడాలో చెప్పడం వేరే పని. దానికి ఆ భాష తెలిసిన మనిషి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, బొమ్మ చూడకుండా ఒకసారి, బొమ్మతో కలిపి ఒకసారి ప్రతి ఫైలునూ విని గుర్తులు పెడతాడు. ఆ హెడ్‌ఫోన్స్ వైర్ ఉన్నవై ఉండాలి. బ్లూటూత్‌వి అయితే శబ్దం వాటంతట అవే పదో వంతు సెకనో అంతకన్నా ఎక్కువో ఆలస్యం చేసి, సరిగ్గా ఉన్న గుర్తును కూడా తప్పుగా వినిపిస్తాయి.